స్కాన్ సైజు తగ్గించాలి, అక్షరం చెడకూడదు: అపోహలు - వాస్తవాలు

దరఖాస్తులకు పత్రాలు స్కాన్ చేసి అప్‌లోడ్ చేయడం నా పని. తిరిగొచ్చిన ఫైళ్లలో నేను ఎక్కువగా చూసేది ఒక్కటే: సైజు తగ్గించబోయి అక్షరాలు పోగొట్టుకోవడం.

అపోహ: ఫైలు అప్‌లోడ్ అయిందంటే గండం గడిచినట్టే.

అప్‌లోడ్ సమయంలో సాధారణంగా చూసేది సైజు, ఫార్మాట్ మాత్రమే. అక్షరాలు కనబడుతున్నాయో లేదో తర్వాత పరిశీలించే మనిషి చూస్తారు. చాలా తిరస్కరణలు అక్కడే జరుగుతాయి.

అపోహ: 200 కేబీ లోపు వచ్చేదాకా మళ్లీ మళ్లీ కంప్రెస్ చేస్తే చాలు.

జేపీజీని మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది. తగ్గించిన ఫైలునే మళ్లీ తగ్గిస్తే అక్షరాల చుట్టూ మసక మరకలు పేరుకుంటాయి. అందుకే ఎప్పుడూ అసలు స్కాన్ నుంచే మొదలుపెట్టాలి.

ఏ4 మార్కుల పత్రాన్నే తీసుకుందాం. 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే 2480 × 3508 పిక్సెళ్లు వస్తాయి. ముందు పత్రం అంచుల దాకా క్రాప్ చేయండి. తర్వాత బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ సవరించి కాగితం మీది బూడిద ఛాయను తెల్లగా చేయండి. ఈ మెట్టును చాలామంది వదిలేస్తారు, కానీ కాగితం గరుకుదనం, మడతల నీడలు కూడా ఫైల్లో చోటు తింటాయి. ఆ తర్వాత 1240 × 1754కి, అంటే 150 డీపీఐకి కుదించండి. పిక్సెళ్లు నాలుగో వంతుకు పడిపోతాయి. జేపీజీ క్వాలిటీ అంకెను చివర్లోనే ముట్టుకోవాలి: 80తో మొదలుపెట్టి, అవసరమైతేనే 60 దాకా దించండి. డీపీఐ అంకె ఒక్కటే మార్చి పిక్సెళ్లు అలాగే ఉంచితే సైజు తగ్గదు.

చివరగా 100 శాతం జూమ్‌లో తెరిచి రిజిస్టర్ నంబరు చదవండి. 3కి 8కి, 5కి 6కి తేడా తెలియకపోతే అసలు స్కాన్‌ను ఈసారి 200 డీపీఐకి కుదించి మళ్లీ చేయండి.

అపోహ: నలుపు-తెలుపు చేస్తే అన్నీ సర్దుకుంటాయి.

పూర్తి నలుపు-తెలుపులో బూడిద రంగుకు చోటే లేదు. వెలిసిన సీలు, పలచని సంతకం మాయమైపోవచ్చు, లేదా నల్లటి ముద్దగా మారిపోవచ్చు. సీలున్న పత్రానికి నేనైతే రంగులే ఉంచుతాను. జేపీజీలో సైజును ఎక్కువగా పెంచేది వెలుగునీడల వివరమే. రంగు తీసేసినా సైజు అనుకున్నంత తగ్గదు.

అపోహ: ఫైలు పేరు చివర .jpg అని మార్చితే ఫార్మాట్ మారిపోతుంది.

పేరు మాత్రమే మారుతుంది. ఫైలు లోపలి మొదటి బైట్లు అసలు రకాన్ని చెప్పేస్తాయి. కొన్ని ఫోన్లు ఫొటోలను .heic గా సేవ్ చేస్తాయి. దాన్ని యాప్‌లో తెరిచి జేపీజీగా ఎక్స్‌పోర్ట్ చేయాలి. పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంటే అది కూడా తీసేసే పంపండి.