గ్లాసెడు నీళ్లు కాదనాల్సి వస్తే

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్నో ఇళ్లను పట్టింది. ఎందుకన్నది ఇంకా పూర్తిగా తేలలేదు. రోగి రక్తాన్ని తరచూ పరీక్షిస్తారు గానీ, పక్కనున్న భార్య ఎలా ఉందో అడిగేవాళ్లు అరుదు.

డయాలసిస్ సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు ఉంటుంది. మూత్రం తగ్గిపోయిన మనిషి తాగిన నీళ్లు చాలావరకు ఒంట్లోనే ఉండిపోతాయి. లీటరు నిలిస్తే కిలో బరువు పెరుగుతుంది, ఊపిరితిత్తుల్లో చేరితే ఆయాసం వస్తుంది. అందుకే చాలామందికి రోజుకు సుమారు లీటరే. మజ్జిగ, చారు, టీ కూడా ఆ లెక్కలోనివే. పొటాషియం ఎక్కువ కాబట్టి చుట్టూ కొబ్బరి తోటలున్నా కొబ్బరినీళ్లు వద్దంటారు.

ఈ లెక్కంతా చూసేది మామూలుగా భార్యే. ఎండాకాలం మధ్యాహ్నం ఆయన "ఒక్క గుక్క ఇవ్వవే" అంటాడు. ఇవ్వకపోతే కట్టుకున్నవాడికి దాహం తీర్చలేదన్న బాధ. ఇస్తే, రాత్రి ఆయన పడుకోలేక లేచి కూర్చున్నప్పుడు తనవల్లేనన్న భయం. నిద్ర లేక మర్నాడు విసుక్కుంటుంది, విసుక్కున్నందుకు కుమిలిపోతుంది. ఆ తప్పు దిద్దుకోవాలని ఇంకాస్త పని నెత్తిన వేసుకుంటుంది. సాయానికి వస్తానన్న ఆడపడుచును కూడా వద్దంటుంది. నాకు అన్నిటికన్నా ప్రమాదంగా కనిపించేది ఇదే. అలసట తీరే దారిని అపరాధభావమే మూసేస్తుంది.

సంరక్షకుల భారాన్ని కొలవడానికి 1980లో జారిట్ బృందం ఒక ప్రశ్నావళి తయారుచేసింది. ఇప్పుడు ఎక్కువగా వాడే రూపంలో 22 ప్రశ్నలున్నాయి. ఇంకా ఎక్కువ చేయాల్సింది అనిపిస్తోందా అన్నది వాటిలో ఒకటి. అంటే అపరాధభావం కూడా భారంలో భాగమేనని లెక్క.

ఈ భారం ఒంటిమీదా కనిపిస్తుంది. అమెరికాలో కీకోల్ట్-గ్లేజర్ బృందం 1995లో ప్రచురించిన ప్రయోగంలో, మతిమరుపు జబ్బున్న బంధువులను చూసుకుంటున్న 13 మంది మహిళలకూ, అలాంటి బాధ్యత లేని మరో 13 మందికీ చేతిమీద ఒకేలా చిన్న గాయం చేశారు. సంరక్షకుల గాయం మానడానికి సగటున తొమ్మిది రోజులు ఎక్కువ పట్టింది. చిన్న ప్రయోగమే, జబ్బు కూడా వేరు. అయినా ఎడతెగని టెన్షన్ గాయం మానడాన్ని ఆలస్యం చేయగలదని సూచించింది.

ఉద్దానం ఇల్లాలికి మొదట తీయాల్సిన బరువు నీళ్ల కాపలా. డాక్టరు చెప్పిన కొలతలో మజ్జిగ, టీలకు పోను మిగిలినన్ని నీళ్లు పొద్దున్నే ఒక సీసాలో పోసి ఆయన చేతికే ఇవ్వాలి. ఎప్పుడు ఎంత తాగాలో ఆయన ఇష్టం. రోజూ ఉదయం బరువు చూసి రాసుకోవడం కూడా ఆయన పనే. వారంలో ఒక డయాలసిస్‌కి కొడుకో, తమ్ముడో తోడు వెళ్లాలి. ఆ పూట ఆమె పడుకోవచ్చు, వాయిదా వేస్తూ వచ్చిన తన బీపీ చూపించుకోవచ్చు. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, దేనిమీదా మనసు పోకపోయినా, చనిపోవాలనిపించినా అది వట్టి అలసట కాదు. డాక్టరుకు ఆమెను కూడా చూపించాలి, చావు ఆలోచన వస్తే ఆ రోజే.