మూత్రం ముదురుగా, మలం తెల్లగా ఉంటే

కళ్లు పచ్చబడితే కామెర్లని ఎవరైనా గుర్తుపడతారు. ఎందుకొచ్చాయన్నది కళ్లను చూసి చెప్పలేం. మూత్రం, మలం రంగు చూస్తే చాలావరకు తెలుస్తుంది.

ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. అది విరిగినప్పుడు పుట్టే పసుపు పదార్థం బిలిరుబిన్. మొదట అది నీళ్లలో కరగదు. రక్తంలోని అల్బుమిన్ అనే ప్రోటీన్‌ను అంటిపెట్టుకుని తిరుగుతుంది కాబట్టి కిడ్నీ వడపోతను దాటలేదు. కాలేయం దాన్ని నీళ్లలో కరిగేలా మార్చి, పైత్యరసంతో పాటు పేగుల్లోకి పంపుతుంది. అక్కడి బ్యాక్టీరియా చేతిలో అది మారడం వల్లే మలానికి ఆ గోధుమ రంగు.

అందుకే రక్తకణాలు అతిగా విరిగిపోయే జబ్బుల్లో కళ్లు పచ్చబడినా మూత్రంలో బిలిరుబిన్ ఉండదు, మలం మామూలుగానో ఇంకాస్త ముదురుగానో ఉంటుంది. పైత్యరసాన్ని పేగుకు చేర్చే పిత్తనాళం మూసుకుపోతే కథ తిరగబడుతుంది. కరిగే బిలిరుబిన్ పేగులోకి దిగలేక రక్తంలోకి వెనక్కి మళ్లుతుంది. మూత్రం టీ డికాక్షన్ రంగుకు తిరుగుతుంది, మలం బూడిద తెలుపుకు వస్తుంది, తరచూ ఒళ్లంతా దురద. కాలేయం వాచే హెపటైటిస్‌లోనూ మూత్రం ముదురుతుంది. మలం కొన్నాళ్లు తెల్లబడవచ్చు కూడా. కాబట్టి రంగు ఒక్కటే చూసి నాళం మూసుకుందని తేల్చకూడదు.

ఒక ఉదాహరణ చూద్దాం. 58 ఏళ్ల మనిషికి బిలిరుబిన్ మొత్తం 9.2, అందులో డైరెక్ట్ 7.4. అంటే కాలేయం మార్చిన బిలిరుబినే ఎక్కువ, కాబట్టి రక్తకణాలు విరగడం కారణం కాదు. కాలేయ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్ ఏఎల్‌టీ 88, అంటే మామూలు పరిమితికి రెండింతలే. నాళం అడ్డుపడితే పెరిగే ఎంజైమ్ ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 540, నాలుగింతలు దాటింది. వైరల్ హెపటైటిస్ ఉధృతంగా ఉంటే ఏఎల్‌టీ తరచూ వేలల్లో ఉండేది. రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే ఐఎన్ఆర్ 1.8 ఉంటే, విటమిన్ కె ఇంజెక్షన్ తర్వాత మర్నాటికి 1.2కి దిగింది. పైత్యరసం అందకపోతే పేగు విటమిన్ కె ని పీల్చుకోలేదు, రక్తం గడ్డకట్టడం ఆలస్యమవుతుంది. ఇంజెక్షన్‌తో సరిపడిందంటే కాలేయం ఇంకా పని చేస్తోందన్నమాట. అది సరిపడకపోతే కాలేయమే దెబ్బతిందేమోనని చూడాలి.

తర్వాత అల్ట్రాసౌండ్. సాధారణంగా 6 మిల్లీమీటర్లలోపు ఉండే పిత్తనాళం 12కి ఉబ్బింది. నాళం కింది కొసను పేగులోని గాలి కప్పేయడంతో అక్కడ ఇరుక్కుని దారి మూసిన రాయి అల్ట్రాసౌండ్‌లో తరచూ దొరకదు. ‘రాయి లేదు’ అన్న రిపోర్టుతో ఆగకుండా పిత్తనాళాలను చూపే ఎంఆర్ఐ స్కాన్, ఎంఆర్‌సీపీ చేయించాలి. రాయైతే నోటి గుండా గొట్టం పంపి చేసే ఈఆర్‌సీపీ ద్వారా తీస్తారు. నొప్పి లేకుండా కామెర్లు పెరుగుతూ బరువు తగ్గుతుంటే క్లోమం తలభాగంలో గడ్డ ఉందేమోనని సీటీ స్కాన్‌లో వెతకాలి.

ఇలాంటి మనిషికి పసరు వేయించి వారాలు గడపడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. హెపటైటిస్ ఎ చాలామందిలో దానంతటదే తగ్గుతుంది, పేరు పసరుకు పోతుంది. మూసుకున్న నాళం మాత్రం పసరుతో తెరుచుకోదు. చలితో జ్వరం, కుడిపక్క డొక్క కింద నొప్పి తోడైతే నాళంలో ఇన్ఫెక్షన్ చేరి చీము పడుతుండవచ్చు. ఆ రోజే ఆసుపత్రికి చేరాలి.

పసిబిడ్డకు రెండు వారాలు దాటినా కామెర్లుండి మలం తెల్లగా వస్తుంటే, వెంటనే డైరెక్ట్ బిలిరుబిన్ పరీక్ష చేయించాలి. పుట్టుకతో నాళాలు మూసుకున్న బిడ్డకు కసాయి అనే సర్జన్ పేరుతో పిలిచే, పేగును కాలేయానికి కలిపే ఆపరేషన్ 60 రోజుల లోపు జరిగితేనే ఫలితం బాగుంటుంది.