పొద్దున ఇచ్చిన పేపరే సాయంత్రం ఇస్తే చాలా? ప్రీటెస్ట్, పోస్ట్‌టెస్టులపై అపోహలు – వాస్తవాలు

ఆశా కార్యకర్తలకు పెట్టే ఒక్కరోజు శిక్షణల్లో పొద్దునకీ సాయంత్రానికీ వాళ్లకు కొత్తగా ఏం తెలిసిందో లెక్కగట్టడం నా పని. ఇక్కడ చెప్పేదంతా చిన్నపిల్లల విరేచనాల మీద పెట్టే శిక్షణ గురించే. అందులో నేర్పేవి కొద్ది విషయాలే. ఓఆర్ఎస్ ఎలా కలపాలి, ఎంత పట్టాలి, జింక్ మాత్ర ఎంత, ఎన్ని రోజులు, బిడ్డను ఎప్పుడు ఆసుపత్రికి పంపాలి. కానీ ఆ కాస్తా కొలవడంలోనే చాలాచోట్ల లెక్క తప్పుతోంది.

అపోహ: రెండుసార్లూ ఒకే పేపరు ఇస్తేనే సరిగ్గా పోల్చగలం.

వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ పొద్దున రాసిన ప్రశ్న మనిషి మనసులో ఉండిపోతుంది. టీ విరామంలో పక్కామెను అడుగుతుంది. క్లాసులో ఆ మాట రాగానే "ఇది పేపర్లో వచ్చిందే" అని చెవి నిక్కబొడుస్తుంది. పైగా ప్రీటెస్ట్ అవగానే జవాబులు చదివేసే అలవాటు చాలామంది శిక్షకులకు ఉంది. అప్పుడిక సాయంత్రం మనం కొలిచేది ఆ పది జవాబులు గుర్తున్నాయా అన్నదే.

అందుకే నేను కవలల్లాంటి రెండు పేపర్లు తయారుచేస్తాను. పసుపు కాగితం మీద ఒకటి, తెల్ల కాగితం మీద ఒకటి. పొద్దున వరుసలో ఒకరు వదిలి ఒకరికి పసుపు, మిగతావాళ్లకు తెలుపు ఇస్తాను. సాయంత్రం తారుమారు చేస్తాను. ఒక పేపరు కాస్త తేలికైనా ఆ తేడా రెండు వైపులా సమానంగా పడి సర్దుకుంటుంది. పక్కవాళ్ల కాగితంలోకి చూసి రాయడం కూడా తగ్గుతుంది.

పొద్దున అందరికీ పసుపు, సాయంత్రం అందరికీ తెలుపు ఇస్తే మాత్రం ఈ లాభం ఉండదు. మార్కులు పెరిగింది నేర్చుకున్నందుకా, తెల్ల పేపరు తేలికైనందుకా అన్నది విడదీయలేం.

అపోహ: ఒకే అంశం మీద అడిగితే రెండు ప్రశ్నలూ జోడీయే.

నేను చేసిన తప్పే చెబుతాను. పసుపు పేపర్లో "జింక్ మాత్ర ఎన్ని రోజులు వేయాలి?" అని అడిగాను. తెల్ల పేపర్లో దానికి జోడీగా ఇది పెట్టాను: "మూడేళ్ల బాబుకు రెండో రోజుకే విరేచనాలు ఆగిపోయాయి. మిగిలిన మాత్రలు మళ్లీ అవసరమైనప్పటికి దాచుకుంటానని తల్లి అంటోంది. మీరేం చెబుతారు?" రెండూ జింక్ గురించే. జవాబు కూడా ఒకటే, విరేచనాలు ఆగినా 14 రోజులూ వేయాలి. కానీ మొదటిదానికి అంకె గుర్తుంటే చాలు. రెండోదానికి ఆ అంకెను ఓ తల్లి మాటకు ఎదురుగా నిలబెట్టగలగాలి. ఇవి జోడీ కావు.

ఇప్పుడు పసుపు పేపర్లో కూడా సందర్భమే ఇస్తున్నాను: "ఎనిమిది నెలల పాపకు మూడో రోజు విరేచనాలు తగ్గాయి. ఇక మాత్ర ఎందుకని నాయనమ్మ అడుగుతోంది." వయసు మారింది, మాట్లాడే మనిషి మారింది, రోజు మారింది. ఆలోచించాల్సింది మాత్రం మారలేదు. వయసు మార్చేటప్పుడు కూడా జాగ్రత్త కావాలి. రెండు నెలల నుంచి ఆరు నెలల లోపు బిడ్డకు జింక్ 10 మిల్లీగ్రాములు, ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు 20 మిల్లీగ్రాములు. డోసు అడిగే ప్రశ్నలో ఒక పేపర్లో నాలుగు నెలల బిడ్డను, రెండోదాంట్లో రెండేళ్ల బిడ్డను పెడితే మొదటిదానికి సగం మాత్ర అన్న సంగతి అదనంగా తెలిసి ఉండాలి. మళ్లీ జోడీ చెడిపోతుంది.

జోడీ కుదిరిందో లేదో పొద్దున కాగితాలే చెబుతాయి. ఇంకా ఏమీ నేర్పలేదు కాబట్టి, పసుపు రాసినవాళ్లూ తెలుపు రాసినవాళ్లూ ఆ ప్రశ్నలో దాదాపు ఒకేలా ఉండాలి. పన్నెండేసి మందిలో ఒకరిద్దరి తేడాను పట్టించుకోను. ఒకవైపు పది మంది, మరోవైపు ముగ్గురు సరిగ్గా రాస్తే ఆ జోడీని లెక్కలోంచి తీసేసి తర్వాతి శిక్షణకు తిరగరాస్తాను.

ఆప్షన్లలో "తెలియదు" అన్నది రెండు పేపర్లలోనూ ఉండాలి. దాన్ని వాడుకోవచ్చని రెండుసార్లూ ఒకే మాటల్లో చెప్పాలి. లేకపోతే పొద్దున భయపడి ఖాళీగా వదిలేసినవాళ్లు సాయంత్రం ధైర్యంగా గుడ్డిగా టిక్ పెడతారు. "తెలియదు" కాక నాలుగు ఆప్షన్లుంటే నలుగురిలో ఒకరికి అలా తగులుతుంది కూడా.

అపోహ: సగటు ఎంత పెరిగితే అంత నేర్చుకున్నట్టు.

సగటు చాలా విషయాలు దాచేస్తుంది. ఇరవై నాలుగు మంది రాశారనుకుందాం. జింక్ ప్రశ్నకు పొద్దున 9 మంది, సాయంత్రం 18 మంది సరిగ్గా రాశారు. రెట్టింపైందని రిపోర్టులో రాసేస్తాం. అదే ఒక్కొక్కరి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే లెక్క ఇలా ఉండొచ్చు: తప్పు నుంచి ఒప్పుకు వచ్చినవాళ్లు 11, రెండుసార్లూ ఒప్పు 7, రెండుసార్లూ తప్పు 4, పొద్దున ఒప్పు రాసి సాయంత్రం తప్పు రాసినవాళ్లు 2.

నేను ముందు చూసేది ఆ చివరి ఇద్దరినే. ఓఆర్ఎస్ విరేచనాలు ఆగేదాకా, జింక్ 14 రోజులు అని క్లాసులో ఒకే ఊపులో చెప్పేస్తే రెండూ కలగాపులగమై, ఓఆర్ఎస్ మాట జింక్‌కు అంటుకుంటుంది. ఇద్దరే కదా అనిపించవచ్చు, కానీ తప్పు మనం చెప్పిన తీరులో ఉందని వాళ్ల కాగితాలే పట్టిస్తాయి. మర్నాటి బ్యాచ్‌కు ఆ రెండు మాటలనూ విడివిడిగా చెబితే సరిపోతుంది.

ఇలా చూడాలంటే ఎవరి కాగితం ఎవరిదో తెలియాలి. పేరు రాయమంటే టెన్షన్ పడతారు. అందుకని డబ్బాలోంచి ఒక నంబరు చీటీ తీసుకుని, రెండు పేపర్ల మీదా అదే వేయమంటాను. మధ్యాహ్నం వెళ్లిపోయినవాళ్ల పొద్దుటి కాగితాలు లెక్కలోంచి తీసేయాలి. బలహీనంగా ఉన్నవాళ్లే వెళ్లిపోతే, ఎవరికీ ఏమీ రాకపోయినా సగటు పెరిగినట్టు కనిపిస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. పదికి ఆరు నుంచి తొమ్మిదికి వచ్చినామె మూడు మార్కులు పెంచుకుంది. రెండు నుంచి ఆరుకు వచ్చినామె నాలుగు. కానీ మొదటామెకు మిగిలిన నాలుగింటిలో మూడు వచ్చాయి, అంటే 75 శాతం. రెండో ఆమెకు ఎనిమిదింటిలో నాలుగు, 50 శాతం. అమెరికా భౌతికశాస్త్ర అధ్యాపకుడు రిచర్డ్ హేక్ 1998లో క్లాసుల సగటు మార్కులను పోల్చడానికి ఇలాంటి లెక్కే వాడాడు. నేనూ దీన్ని బ్యాచ్ మొత్తానికే వేస్తాను. పొద్దునే తొమ్మిది తెచ్చుకున్నామెకు ఒక్క పొరపాటుతో వంద శాతం నష్టం చూపించే లెక్క ఇది, అందుకే ఒక్కొక్కరి మీద పెట్టను.

పొద్దునే దాదాపు అందరూ ఒప్పు రాసే ప్రశ్నలో పెరగడానికి చోటే ఉండదు. "లీటరు ప్యాకెట్‌కు ఎన్ని నీళ్లు?" అలాంటిదే. దాని బదులు "తల్లి దగ్గర అర లీటరు సీసానే ఉంది, ఎలా కలపమంటారు?" అని అడిగితే, సగం పొడి వేయమని చెప్పేవాళ్లు బయటపడతారు.

అపోహ: పెరిగిందంతా శిక్షణ వల్లే.

ఆ రోజు అసలు నేర్పని విషయం మీద రెండు జోడీలు కలుపుతాను, ఉదాహరణకు పిల్లల టీకాల మీద. సాయంత్రానికి అవి కూడా బాగా పెరిగాయంటే ఏదో జరిగింది. ఒకరినొకరు అడిగి రాశారు, లేదా పేపరు రాయడం అలవాటై ఊహించడం సులువైంది. అవి కదలకుండా ఉండి, నేర్పినవి మాత్రమే పెరిగితే ఆ పెరుగుదలను నమ్మవచ్చు.

అయినా అది అదే రోజు జ్ఞాపకమే. అందుకని నెల తర్వాత ఫోన్ చేసి జింక్ ప్రశ్న, సీసా ప్రశ్న అడుగుతాను. ఫోన్‌లో ఆప్షన్లు చదివి వినిపించడం కుదరదు. కాబట్టి ఆ రెండింటినీ శిక్షణ రోజున పొద్దునా సాయంత్రమూ కూడా ఆప్షన్లు లేకుండా, సొంత మాటల్లో రాయమంటాను. చీటీ నంబరు గుర్తుండదు గనక ఫోన్ జవాబులను ఒక్కొక్కరితో జోడించను, బ్యాచ్‌లో ఎందరు సరిగ్గా చెప్పారన్నదే చూస్తాను.