అపోహలు – వాస్తవాలు: ఆఫీసు బిల్డింగుకు డౌన్ లైన్ ఏ సైజు?

ఒంగోలు కర్నూలు రోడ్డులో గ్రౌండ్ ప్లస్ ఫోర్ ఆఫీసు కడుతున్నారనుకోండి. నీళ్ల ట్యాంకు మేడ మీద ఉంటుంది. అక్కడి నుంచి అంతస్తులకు నీళ్లు దించే పైపే డౌన్ లైన్. ఒక్కో అంతస్తులో 4 ఫ్లష్ ట్యాంకు కమోడ్లు, 3 యూరినల్స్, 4 వాష్ బేసిన్లు, ఒక ప్యాంట్రీ సింకు.

అపోహ: కుళాయిలన్నీ ఒకేసారి తిప్పినా సరిపోయేలా పైపు వేయాలి.

ఆఫీసులో అందరూ ఒకే క్షణంలో ఫ్లష్ నొక్కరు. ఎంతమంది ఒకేసారి వాడతారన్న సంభావ్యతను లెక్కలోకి తెచ్చేందుకే లోడింగ్ యూనిట్లు. ఆ యూనిట్లను ప్రవాహంలోకి మార్చడానికి 1940లో అమెరికాలో రాయ్ హంటర్ ఇచ్చిన వక్రరేఖను ఇప్పటికీ వాడుతున్నాం. ఆ పద్ధతి పట్టికల్లో పబ్లిక్ టాయిలెట్ కమోడ్‌కు 5 యూనిట్లు, ట్యాంకు ఉన్న యూరినల్‌కు 3, బేసిన్‌కు 2. సింకుకు 3 వేస్తే అంతస్తుకు 40 యూనిట్లు, మొత్తం 200.

40 యూనిట్లకు నిమిషానికి దాదాపు 100 లీటర్లు కావాలి. అలాగని ఐదంతస్తులకు 500 అనకూడదు. ముందు యూనిట్లు కూడి, తర్వాతే ప్రవాహంలోకి మార్చాలి. 200 యూనిట్లకు వచ్చేది 246 లీటర్లే. సైట్లో ఎక్కువగా చూసే తప్పు ఇదే. లీటర్లు కూడి 3 అంగుళాల పైపు వేస్తారు. దుబారా సంగతి అలా ఉంచితే, శని, ఆదివారాలు అందులో నీళ్లు కదలకుండా నిలవ ఉంటాయి.

ఓనరు చివర్లో ట్యాంకు లేకుండా నేరుగా పైపు నుంచే ఫ్లష్ చేసే ఫ్లష్ వాల్వులు కావాలంటే మాత్రం లెక్క మొదటికొస్తుంది. కమోడ్ యూనిట్లు 10 అవుతాయి, వక్రరేఖా మారుతుంది.

అపోహ: సన్న పైపైతే నీళ్లు ఫోర్సుగా వస్తాయి.

ఈ మాట మేస్త్రీలే కాదు, ఇంజనీర్లూ అంటారు. పైపు సన్నమైతే లోపల వేగం పెరుగుతుంది నిజమే, కానీ రాపిడికి ప్రెషర్ తగ్గిపోతుంది. ప్లంబర్లు మామూలుగా వాడే 2 అంగుళాల సీపీవీసీ పైపుకు, ఎస్‌డీఆర్ 11 అనే గోడ మందం తరగతిలో, లోపలి వ్యాసం 44 మిల్లీమీటర్లే. అందులో 246 లీటర్లు వెళ్తే వేగం సెకనుకు 2.7 మీటర్లు. నేను మెయిన్ లైన్లో 2 మీటర్లు దాటనివ్వను. దాటితే చప్పుడు వస్తుంది, వాల్వు ఠక్కున మూస్తే పైపు అదురుతుంది.

అపోహ: వేగం 2 మీటర్ల లోపుంటే ఇక చూడక్కర్లేదు.

వేగం, ప్రెషర్ రెండూ వేర్వేరు లెక్కలు. పై అంతస్తు కుళాయికీ ట్యాంకు నీటి మట్టానికీ మధ్య ఎత్తు 3 మీటర్లే అనుకోండి. మేడ మీద అడ్డంగా వేసే పైపులో మొత్తం 246 లీటర్లూ వెళ్తాయి. అది 10 మీటర్లుంటే 2 అంగుళాల పైపులో 1.5 మీటర్ల హెడ్, అంటే నీటి ఎత్తుగా కొలిచే ప్రెషర్, పోతుంది. చేతిలో ఉన్న 3 మీటర్లలో అది సగం. బెండ్లు, వాల్వుల నష్టం ఇంకా కలపలేదు. అదే రెండున్నర అంగుళాల, షెడ్యూల్ 80 అనే గోడ మందం తరగతి పైపైతే వేగం 1.6 లోపే, నష్టం 0.4 మీటర్లే. కింద ఫోర్సుగా వస్తూ, పై అంతస్తులో బేసిన్ కుళాయి సన్నధారగా పారుతుంటే ముందు ఆ అడ్డం పైపు సైజు చూడండి.

పెద్ద పైపు కిందిదాకా అక్కర్లేదు. పై రెండంతస్తులు దాటాక మిగిలేది 120 యూనిట్లు, అంటే నిమిషానికి 182 లీటర్లు. అక్కడ 2 అంగుళాలకు తగ్గించినా వేగం 2 మీటర్లు దాటదు. ఎత్తు కలిసొస్తుంది కాబట్టి కింద ప్రెషర్‌కూ లోటుండదు.