మతిమరుపు ముదిరిందా, డెలీరియం వచ్చిందా?

78 ఏళ్ల పెద్దావిడకు రెండేళ్లుగా డిమెన్షియా ఉందనుకుందాం. అడిగిందే అడుగుతుంది, మనవరాళ్ల పేర్లు తారుమారు చేస్తుంది, కానీ తన పనులు తనే చేసుకుంటుంది. సోమవారం జలుబు చేసింది. బుధవారానికి మంచం దిగడం మానేసింది. పిలిస్తే కళ్లు తెరిచి, సగం మాట అని మళ్లీ మగతలోకి జారుకుంటోంది. సాయంత్రం కాసేపు తేరుకుని కొడుకును గుర్తుపట్టింది. రాత్రయ్యేసరికి దుప్పటి మీద లేని దారాలేవో వేళ్లతో ఏరుతోంది. ఇంట్లోవాళ్లు "పాపం, మతిమరుపు బాగా ముదిరిపోయింది" అనుకున్నారు.

అక్కడే పొరపాటు జరుగుతుంది. అల్జీమర్స్ లాంటి డిమెన్షియా నెలల మీద, ఏళ్ల మీద పెరుగుతుంది. ఎప్పుడు మొదలైందని అడిగితే ఇంట్లో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. "సోమవారం దాకా బాగానే ఉంది" అని రోజుతో సహా చెప్పగలుగుతున్నారంటే అనుమానించాల్సింది డెలీరియాన్ని. ఒంట్లో ఎక్కడో వచ్చిన తేడా మెదడు పనితీరును గంటల్లో, రోజుల్లో దెబ్బతీసే పరిస్థితి ఇది. పక్షవాతం వచ్చినా మనిషి ఉన్నట్టుండి మారిపోవచ్చు. అదీ ఆగి చూసే వ్యవహారం కాదు.

రెండో తేడా, డెలీరియం నిలకడగా ఉండదు. పొద్దున మామూలుగా మాట్లాడిన మనిషి రాత్రికి అయోమయంలో పడొచ్చు. డాక్టరు వచ్చి చూసిన పది నిమిషాల్లో బాగానే కనిపించొచ్చు. అందుకే రోజంతా పక్కనున్న వాళ్ల మాటకు ఇక్కడ పరీక్షలకున్నంత విలువ ఉంది. అయితే లూయీ బాడీ డిమెన్షియా అనే రకంలోనూ ఇలాంటి హెచ్చుతగ్గులు, లేనివి కనిపించడం ఉంటాయి. కానీ అక్కడ ఈ తీరు నెలల తరబడి సాగుతుంది.

అన్నిటికన్నా పనికొచ్చే ఆధారం ధ్యాస. తొలి దశల్లో ఉన్న డిమెన్షియా మనిషి ఒకే ప్రశ్న పదిసార్లు అడగొచ్చు గానీ, జవాబు చెబుతున్నంతసేపూ మీ మొహంలోకి చూసి వింటారు. తప్పు చెప్పినా అడిగినదానికే చెబుతారు. డెలీరియంలో ప్రశ్న సగంలో ఉండగానే మనసు జారిపోతుంది. చూపు గోడ మీదికో తలుపు వైపుకో పోతుంది, లేదా కళ్లు మూతపడతాయి. ఆస్పత్రుల్లో వాడే 4AT అనే చిన్న పరీక్షలో దీన్ని చూడటానికి డిసెంబరు నుంచి వెనక్కి నెలల పేర్లు చెప్పమంటారు. నెలల పేర్లు అలవాటు లేనివాళ్లను వారాల పేర్లు వెనక్కి చెప్పమనొచ్చు. మన పెద్దావిడ జలుబుకు ముందు కాస్త తడుముకునైనా శనివారం నుంచి ఆదివారం దాకా వచ్చేది. బుధవారం నాడు "శని, శుక్ర..." అని ఆగి, ఏం అడిగారో కూడా మరిచిపోయింది. డిమెన్షియా ముదిరిన వాళ్లలో ధ్యాస కూడా తగ్గుతుంది కాబట్టి, ఆ మనిషి పోయిన వారం ఎలా ఉండేదన్నదే అసలు కొలమానం.

డెలీరియం అంటే కేకలు, పెనుగులాట అని చాలామంది అనుకుంటారు. పెద్దవాళ్లలో నిశ్శబ్దంగా, మగతగా ఉండే రకం బాగా కనిపిస్తుంది. ఎవరినీ ఇబ్బంది పెట్టదు గనక ఎవరి కంటా పడదు. నా దృష్టిలో ఇదే ఎక్కువ ప్రమాదం.

ఇంతకీ ఆమెకేమైంది? జలుబుకని సోమవారం నుంచి వేసిన మాత్రలో క్లోర్‌ఫెనిరమిన్ ఉంది. మెదడులో ధ్యాసను నిలిపే రసాయనాల్లో ఎసిటైల్‌కోలిన్ ఒకటి. డిమెన్షియాలో అది ముందే తక్కువ, ఈ మందు దాని పనిని ఇంకా అడ్డుకుంటుంది. మూత్రాశయం ముడుచుకోవడానికీ అదే రసాయనం కావాలి. ఆమెకు రెండు రోజులుగా మూత్రం చుక్కలుగానే వస్తోందని అడిగితే గానీ ఎవరూ చెప్పలేదు. స్కాన్‌లో మూత్రాశయం నిండిపోయి కనిపించింది. గొట్టం వేస్తే లీటరుకు దగ్గరగా వచ్చింది. రక్తంలో చక్కెర, సోడియం, ఆక్సిజన్, ఇన్ఫెక్షన్ కూడా చూశారు, ఎందుకంటే ఒక కారణం దొరికినంత మాత్రాన రెండోది లేదనుకోవడానికి లేదు. న్యుమోనియా, నీరసించేంతగా ఒంట్లో నీరు తగ్గడం, మలబద్ధకం, నిద్రమాత్రలు, ఏదైనా ఈ పని చేయగలవు.

మాత్ర ఆపి, కళ్లజోడు పెట్టి, వినికిడి యంత్రం తగిలించి, పగలు వెలుతురులో కూర్చోబెట్టారు. నాలుగో రోజుకు చూపు నిలిచింది. మునుపటి స్థితికి రావడానికి కొన్ని వారాలు పట్టింది. కొందరు పూర్తిగా అంతవరకు రారు. అందుకే ఈ మధ్యలో జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టి డిమెన్షియా ఏ దశలో ఉందో తేల్చరు. డెలీరియం తగ్గాక, కొన్ని నెలలు ఆగి చూస్తారు.