పట్టిక తెరిచే ముందు ఒక గుట్ట గీయండి

మా మేనకోడలు డిగ్రీ రెండో ఏడాది చదువుతోంది. పోయిన వారం స్టాటిస్టిక్స్ నోట్సు పట్టుకొచ్చి "మామయ్యా, స్టెప్పులన్నీ కరెక్టే, జవాబు మాత్రం కలవట్లేదు" అంది. లెక్క ఇది: ఒక పరీక్ష 800 మంది రాశారు. సగటు 58 మార్కులు, స్టాండర్డ్ డీవియేషన్ 12. మార్కులు నార్మల్ డిస్ట్రిబ్యూషన్‌లో, అంటే మన పాఠ్యపుస్తకాల మాటలో సామాన్య విభాజనంలో ఉన్నాయనుకుంటే, 75 దాటినవాళ్లు ఎంత శాతం? తను తేల్చింది 57.78 శాతం.

స్టెప్పులు చూడకుండానే అది తప్పని చెప్పేశాను. అందులో నా గొప్పేమీ లేదు. నార్మల్ వక్రం గుట్టలా ఉంటుంది, సగటు దగ్గర శిఖరం, అటూ ఇటూ ఒకే రకం వాలు. 58 దగ్గర నిలువుగా కోస్తే రెండు సమానమైన సగాలు వస్తాయి. అంటే 58 దాటినవాళ్లే సగం మంది. 75 దాటినవాళ్లు సగం కంటే ఎక్కువ ఎలా ఉంటారు? కాగితం మీద ఒక గుట్ట గీసి, 75 దగ్గర గీత పెట్టి, దానికి కుడివైపు పెన్సిల్‌తో రుద్దమన్నాను. చిన్న తోక మిగిలింది. జవాబు ఆ తోకంతే ఉండాలి. ఇరవై శాతం వచ్చినా అనుమానించాల్సిందే.

ఇక లెక్కలోకి వెళ్దాం. 75 అనేది సగటుకి 17 మార్కులు పైన ఉంది. ఆ 17 ఎక్కువా తక్కువా అన్నది మార్కులు ఎంత చెదిరి ఉన్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది. అందరూ 55కీ 61కీ మధ్యే ఉన్న క్లాసులో 17 పెద్ద దూరం. ఇరవై నుంచి తొంభై దాకా పరుచుకున్న క్లాసులో అదేమంత దూరం కాదు. అందుకే ఆ దూరాన్ని స్టాండర్డ్ డీవియేషన్‌తో కొలుస్తాం. వచ్చిన సంఖ్యే జెడ్ విలువ.

```
z = (75 - 58) / 12 = 1.42
```

ఇలా మార్చుకోవడం వల్లే ప్రపంచంలోని గుట్టలన్నిటికీ ఒక్క పట్టిక సరిపోతోంది. మార్కులైనా, ఎత్తులైనా, బస్తాల బరువులైనా అన్నీ జెడ్‌లోకి వచ్చేస్తాయి. అసలు పట్టిక ఎందుకంటారా? మనకి కావలసిన శాతం ఈ వక్రం కింద వైశాల్యమే, మొత్తం వైశాల్యం 1. దాన్ని ఇంటర్‌లో నేర్చుకున్న ఇంటిగ్రేషన్ సూత్రాలతో రాబట్టలేం. ఎవరో ఒకరు కూర్చుని అంకెల్లో లెక్కగట్టి అచ్చు వేయాల్సిందే. క్రిస్టియన్ క్రాంప్ అనే ఆయన 1799లో దీనికి దగ్గరి చుట్టమైన ఇంటిగ్రల్‌కి పట్టిక ఇచ్చాడు. ఆయన గోల విద్యార్థుల మార్కులు కాదు, వాతావరణంలో నక్షత్రాల వెలుగు ఎంత వంగుతుందన్నది.

పట్టికలో ఎడమ పక్క నిలువు వరసలో 1.4 పట్టుకోవాలి, పై వరసలో 0.02 పట్టుకోవాలి. రెండూ కలిసే గడిలో మా అమ్మాయి పుస్తకంలో 0.4222 ఉంది. తను దాన్ని 1లోంచి తీసేసింది. అందుకే 0.5778 వచ్చింది.

తప్పు తనది సగమే. ట్యూషన్‌లో వాడిన పట్టిక ఒకటి, పుస్తకం వెనకున్నది ఇంకొకటి. ట్యూషన్ పట్టికలో అదే గడిలో 0.9222 ఉంటుంది. అది ఎడమ చివర నుంచి గీత దాకా ఉన్న మొత్తం వైశాల్యం, కాబట్టి 1లోంచి తీసేయాలి. పుస్తకంలోది సగటు నుంచి గీత దాకా మాత్రమే కొలిచినది, కాబట్టి కుడి సగమైన 0.5లోంచి తీసేయాలి. ఎలా చేసినా 0.0778 వస్తుంది, అంటే 7.78 శాతం. 800 మందిలో దాదాపు 62 మంది.

పట్టిక ఏ రకమో తెలుసుకోవడానికి పైనున్న బొమ్మ చూడొచ్చు. బొమ్మ లేకపోతే మొదటి వరస చదవండి. 0.0000, 0.0040 అని మొదలైతే సగటు నుంచి కొలిచింది. 0.5000, 0.5040 అని పెరుగుతూ పోతే ఎడమ చివర నుంచి కొలిచింది. 0.5000, 0.4960 అని తగ్గుతూ పోతే అది నేరుగా తోకనే ఇస్తోంది, దేంట్లోంచీ ఏమీ తీసేయక్కర్లేదు. నా లెక్కలో విద్యార్థులకు ముందు నేర్పాల్సింది ఇదే. సూత్రం ఎలాగూ బట్టీ పడతారు.

40 దాటినవాళ్లు ఎంతమంది అని అడిగితే జెడ్ మైనస్ 1.5 వస్తుంది. సగటు నుంచి కొలిచే పట్టికలో మైనస్‌లు ఉండవు. గుట్ట రెండు వైపులా ఒకటే కాబట్టి 1.5 దగ్గరే చూస్తాం, 0.4332. ఈసారి గీత శిఖరానికి ఎడమన ఉంది, కుడి సగం మొత్తం మనదే. కాబట్టి కలపాలి: 93.32 శాతం. తీసేయాలో కలపాలో పెన్సిల్ రుద్దిన బొమ్మే చెబుతుంది.

ఇక్కడ మా అమ్మాయి మంచి ప్రశ్న వేసింది. "75 దాటిన అంటే 75 వచ్చినవాళ్లు ఉన్నట్టా, లేనట్టా?" నార్మల్ వక్రానికి ఆ తేడా తెలియదు, దాని దృష్టిలో మార్కులు నీళ్లలా తెంపు లేకుండా ఉంటాయి. నిజానికి మార్కులు 74, 75, 76 అని మెట్లు మెట్లుగా ఉంటాయి. అందుకని 75 అనే మెట్టు 74.5 నుంచి 75.5 దాకా ఉందనుకుంటాం. 75 కూడా కలిపితే గీత 74.5 దగ్గర పడుతుంది, జవాబు 8.46 శాతం. 76 నుంచి మాత్రమే అయితే 75.5 దగ్గర, 7.21 శాతం. మందిలో చెప్పాలంటే ఒకటి 68, ఇంకోటి 58. మధ్యలో ఉన్న పదిమందీ సరిగ్గా 75 తెచ్చుకున్నవాళ్లు. డిస్టింక్షన్ 75కి ఇస్తారా, 75 దాటితే ఇస్తారా అన్నది ఆ పదిమందికి చిన్న విషయం కాదు కదా.

ఇదంతా మార్కులు నిజంగా గుట్టలా ఉంటేనే. పాస్ మార్కు 35 ఉన్నచోట గ్రేస్ మార్కులు కలిపితే 33, 34 దగ్గర గుంట, 35 దగ్గర కుప్ప కనిపిస్తాయి. ఆ చుట్టుపక్కల పట్టికను నమ్మకూడదు. పేపర్ మరీ తేలికైతే ఇంకా ఘోరం. సగటు 82, స్టాండర్డ్ డీవియేషన్ 12 అనుకుందాం. 100 దాటినవాళ్ల శాతం కట్టి చూడమన్నాను. జెడ్ 1.5, పట్టికలో 0.4332, తీసేస్తే 0.0668. 800 మందిలో 53 మంది.

"వందకి వంద దాటినవాళ్లు యాభైముగ్గురా?" అని నవ్వింది. వక్రానికి 100 దగ్గర గోడ ఉందని తెలియదు. ఆ పరీక్షలో పిల్లలంతా 90ల్లో గుమిగూడి ఉంటారు, కుడివైపు వాలు లేనే లేదు. అలాంటప్పుడు పట్టిక మూసేసి మార్కుల లిస్టు తెప్పించుకుని, 75 దాటినవాళ్లను ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకోవడమే.