అపోహలు – వాస్తవాలు: "తొమ్మిదో రోజు" అంటే ఏ రోజు?

సంతాన చికిత్సకు వచ్చేవాళ్ల పాత రికార్డులు చదివి, డాక్టర్ గారు చూసే లోపల ఒక టేబుల్‌గా సర్దడం నా పనిలో ఒక భాగం. కొందరు డైరీ తెస్తారు, కొందరు ఫోన్‌లో రాసుకున్నవి చూపిస్తారు. ఆ రాతలో ఎంత ఓపిక, ఎంత భయం ఉంటాయో నాకు తెలుసు. అందుకే ఆ డైరీని టేబుల్‌గా మార్చేటప్పుడు జరిగే ఒక్క పొరపాటు చూస్తే మాత్రం ప్రాణం ఉసూరుమంటుంది.

అపోహ: డైరీలో "9వ రోజు" అని ఉంటే టేబుల్‌లోనూ అదే వేస్తే సరిపోతుంది.

సరిపోదు. ఐవీఎఫ్ సైకిల్‌లో రెండు లెక్కలు నడుస్తాయి. ఒకటి నెలసరి మొదలైన రోజు నుంచి, రెండోది హార్మోన్ ఇంజెక్షన్ మొదలుపెట్టిన రోజు నుంచి. రెండింటికీ ఒకటి రెండు రోజుల తేడా మామూలు, కొన్ని ప్రోటోకాల్స్‌లో ఇంకా ఎక్కువ. అండాశయంలో ఎగ్స్ పెరిగే నీటి సంచులైన ఫాలికిల్స్ బాగా పెరిగే దశలో ఒక్కోటి రోజుకు ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంటే లెక్క రెండు రోజులు తప్పితే సైజులో నాలుగు మిల్లీమీటర్ల దాకా తేడా కనిపిస్తుంది. ఆ తేడాను మందు గొప్పతనమనో, ఒంట్లో లోపమనో చదువుతారు.

ఈ మధ్య ఒక జంట వచ్చారు. రెండు సైకిల్స్ ఫెయిలై, మూడోదానికి సిద్ధమవుతున్నారు. భర్త చాలా శ్రద్ధగా టేబుల్ తయారు చేశాడు. మొదటి సైకిల్, 225 యూనిట్ల డోసు, 9వ రోజు: పెద్ద ఫాలికిల్ 13, ఎస్ట్రాడియోల్ హార్మోన్ 680. రెండో సైకిల్, 300 యూనిట్లు, 9వ రోజు: పెద్ద ఫాలికిల్ 17, ఎస్ట్రాడియోల్ 5500.

"చూడండి సిస్టర్, డోసు పెంచితే ఎంత తేడా వచ్చిందో! ఈసారి 375 పెట్టమని డాక్టర్ గారితో చెప్పండి" అన్నాడు. ఆమె మాత్రం ఆ 5500 చూసి బెదిరిపోయింది. మందుకు అండాశయాలు మితిమీరి స్పందించే ఓహెచ్‌ఎస్‌ఎస్ గురించి ఎవరో చెప్పిన పుకార్లన్నీ నెత్తికెక్కించుకుంది.

అసలు డైరీ ఇమ్మన్నాను. మొదటి సైకిల్‌లో ఆమె నెలసరి రోజు నుంచి లెక్కపెట్టింది. జూన్ 3న నెలసరి, 5న మొదటి ఇంజెక్షన్. ఆమె రాసిన 9వ రోజు జూన్ 11, అంటే ఇంజెక్షన్ లెక్కలో ఏడో రోజే. రెండో సైకిల్ వేరే క్లినిక్‌లో. అక్కడి చార్ట్ ఇంజెక్షన్ రోజుల లెక్కతో ఉంది, ఆమె దాన్నే దింపుకుంది. పైగా రెండో ల్యాబ్ ఎస్ట్రాడియోల్‌ను పికోమోల్స్ పర్ లీటర్‌లో ఇచ్చింది. మొదటిది ఇచ్చింది పికోగ్రామ్స్ పర్ ఎంఎల్‌లో. మొదటి యూనిట్‌లోకి తేవాలంటే 3.67తో భాగించాలి: 5500 కాస్తా సుమారు 1499 అయింది. సరిచేశాక టేబుల్ ఇలా వచ్చింది:

| తేదీ | సైకిల్ రోజు | ఇంజెక్షన్ రోజు | డోసు | కుడి (మి.మీ.) | ఎడమ (మి.మీ.) | ఎస్ట్రాడియోల్ (పికోగ్రామ్స్/ఎంఎల్) |
|---|---|---|---|---|---|---|
| జూన్ 11 | 9 | 7 | 225 | 13, 12, 11 | 13, 10 | 680 |
| జూన్ 13 | 11 | 9 | 225 | 17, 15, 14 | 16, 13 | 1420 |
| సెప్టెంబర్ 11 | 10 | 9 | 300 | 17, 16, 13 | 16, 14 | 1499 (రిపోర్ట్‌లో 5500) |

రెండో, మూడో వరసలు పక్కపక్కన చూడండి. ఐదుకు ఐదు ఫాలికిల్స్, సైజులూ దాదాపు అవే, హార్మోనూ అంతే. డోసు పెంచినందుకు ఒరిగిందేమీ లేదు. ఇంజెక్షన్లకు ముందు చేసిన బేస్‌లైన్ స్కాన్ తీసి చూస్తే, ఇంకా చిన్నగా ఉన్న యాంట్రల్ ఫాలికిల్స్ మొదటిసారి 6, రెండోసారి 7. ఆ నెలలో ఉన్నవాటిని మందు పెంచుతుంది, లేనివాటిని పుట్టించదు. డాక్టర్ గారు టేబుల్ చూసి 375 ఊసే ఎత్తలేదు, చర్చ ప్రోటోకాల్ మీదికి మళ్లింది. ఆమె టెన్షన్ ఆ భాగాహారంతోనే సగం తగ్గింది.

కాబట్టి ముందు తేదీ రాయండి, తర్వాత రెండు రోజుల లెక్కలకూ రెండు వేర్వేరు కాలమ్స్ పెట్టండి. సైకిల్ ఒకటో రోజంటే బ్లీడింగ్ పూర్తిగా మొదలైన రోజు. అంతకుముందు కనిపించే మరకలు లెక్కలోకి రావు. రాత్రి పొద్దుపోయాక మొదలైతే మర్నాడే ఒకటో రోజని కొన్ని క్లినిక్స్ లెక్కిస్తాయి. మీ క్లినిక్‌ది ఏ పద్ధతో అడిగి, అన్ని సైకిల్స్‌కీ అదే వాడండి. యూనిట్ మార్చిన చోట అసలు రిపోర్ట్‌లోని అంకె చెరిపేయకండి, పక్కనే ఉంచండి. 3.67 ఎస్ట్రాడియోల్‌కు మాత్రమే. ప్రొజెస్టిరాన్‌ను నానోమోల్స్ పర్ లీటర్ నుంచి నానోగ్రామ్స్ పర్ ఎంఎల్‌లోకి తేవాలంటే 3.18తో భాగించాలి. ఒకదాని లెక్క ఇంకోదానికి వాడితే అసలుకే మోసం.

అపోహ: స్కాన్‌లో పెద్ద ఫాలికిల్ సైజు ఒక్కటి రాస్తే చాలు.

ఎగ్స్ పూర్తిగా పక్వానికి రావడానికి వేసే ట్రిగ్గర్ ఇంజెక్షన్ ఎప్పుడివ్వాలనేది ఒక్కదాన్ని చూసి నిర్ణయించరు. 17 మి.మీ. దాటినవి కనీసం రెండో మూడో ఉన్నాయా, వెనక వస్తున్నవి ఎన్ని అని చూస్తారు. అన్నీ రాయండి, కుడి ఎడమ విడివిడిగా. ఇంకో తిరకాసు: "18×16" అంటే ఒకే ఫాలికిల్‌కు రెండు కొలతలు, సగటు 17. "18, 16" అంటే రెండు ఫాలికిల్స్. డైరీలో ఆ గుర్తు సరిగా కనిపించకపోతే ఊహించి రాయకండి, స్కాన్ రిపోర్ట్ తీయండి.

అపోహ: మందుల కాలమ్‌కు ప్రిస్క్రిప్షన్ చూస్తే చాలు.

ప్రిస్క్రిప్షన్‌లో ఉండేది వేసుకోమన్నది. టేబుల్‌కు కావలసింది వేసుకున్నది. మరిచిపోయిన డోసు, ఆలస్యమైన డోసు దాచకుండా రాయండి, ఎవరూ తిట్టరు. తిడితే వాళ్లదే తప్పు.

ట్రిగ్గర్ దగ్గర మాత్రం గంట, నిమిషం కూడా కావాలి. ఇక్కడ నేనూ ఒకసారి బోల్తా పడ్డాను. డైరీలో "మంగళవారం రాత్రి 12:15" అని ఉంటే మంగళవారం వరసలోనే వేశాను. ఎగ్ పికప్ గురువారం మధ్యాహ్నం 12:15కి. పికప్ సాధారణంగా ట్రిగ్గర్ ఇచ్చిన 34–36 గంటలకు చేస్తారు. నా టేబుల్‌లో అది 60 గంటలైంది! ఎగ్స్ తక్కువ రావడానికి ఇదే కారణమేమోనని ఆ పూటంతా చర్చ. చివరికి ఆమెకు ఫోన్ చేస్తే, "మేం పడుకోకుండా కూర్చుని వేసుకున్నాం కదా మేడమ్, అందుకే మంగళవారం అని రాశాను" అంది. అర్ధరాత్రి దాటాక తేదీ బుధవారానిది, తేడా సరిగ్గా 36 గంటలు. అప్పటినుంచి ట్రిగ్గర్ వరసలో తేదీ, 24 గంటల పద్ధతిలో సమయం, పికప్‌కు ఎన్ని గంటలు అన్నవి మూడూ రాస్తున్నాను. ఆ మూడో అంకె 34–36 మధ్య లేకపోతే ముందు నా రాతనే అనుమానిస్తాను.

అపోహ: ఖాళీ గడి ఉంటే నార్మల్ అనుకోవచ్చు.

ఖాళీ అంటే పరీక్ష చేయలేదా, చేసినా రిపోర్ట్ పోయిందా? ఆ రెండు మాటల్లో ఏదో ఒకటి రాయండి. సున్నా మాత్రం వేయొద్దు.

అపోహ: టేబుల్ అయ్యాక డైరీతో పని లేదు.

ఆ జంట విషయంలో తప్పు దొరికింది డైరీలోనే. టేబుల్ ఒక్కటే తెచ్చి ఉంటే నేనూ ఆ 13, 17 చూసి తల ఊపేదాన్నే.